నాలుగు డెలివరీ తేదీల్లో ఏది లెక్క? నెలసరి లెక్క, స్కాన్ లెక్క

ప్రశ్న: నాకు చివరి నెలసరి ఈ సంక్రాంతి రోజు, 2025 జనవరి 14న వచ్చింది. ఎప్పుడూ 37, 38 రోజులకోసారి వస్తుంది. దాని ప్రకారం డెలివరీ అక్టోబర్ 21 అని కార్డులో రాశారు. మార్చి 17న తీసిన మొదటి స్కాన్‌లో సీఆర్‌ఎల్ 12 మి.మీ., 7 వారాల 3 రోజులు, డెలివరీ అక్టోబర్ 31 అని ఉంది. జూన్ 10న బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో అక్టోబర్ 28, సెప్టెంబర్ 2 స్కాన్‌లో నవంబర్ 9 అని వచ్చింది. ఇప్పుడు బిడ్డ బరువు 1.6 కిలోలట. మొదటి కాన్పు సిజేరియన్. ఈసారి విజయదశమికి, అక్టోబర్ 2న ఆపరేషన్ పెట్టించుకుందామని అత్తయ్య ముహూర్తం చూపించారు. నెలసరి లెక్కన 37 వారాలు నిండుతాయి కదా అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏ తేదీ నమ్మాలి? మాది కోవూరు.

సమాధానం:

అక్టోబర్ 31 నమ్మండమ్మా. మిగతా మూడు తేదీలనూ డెలివరీ తేదీలుగా లెక్కపెట్టొద్దు. అయితే సెప్టెంబర్ స్కాన్‌ను మాత్రం పక్కన పడేయకండి. అది తేదీ గురించి కాకుండా వేరే విషయం చెబుతోంది, దాని సంగతి తర్వాత చెబుతాను. విజయదశమి ముహూర్తం మాత్రం వద్దు. ఎందుకో మీ తేదీలతోనే లెక్క వేసి చూపిస్తాను. అత్తయ్యగారికి చదివి వినిపించినా సరే.

నేను కాన్పుల డాక్టర్‌ని. మొదట ప్రకాశం జిల్లా పశ్చిమాన ఊళ్లలో చేశాను, ఇప్పుడు నెల్లూరులో ఉన్నాను. ఓపీలో రోజూ ఒకరైనా నాలుగు రిపోర్టులు టేబుల్ మీద పరిచి మీరడిగిన ప్రశ్నే అడుగుతారు. తప్పు వాళ్లది కాదు. ప్రతి రిపోర్టు చివరా మెషీన్ ఒక కొత్త తేదీ అచ్చు వేసి ఇస్తుంది. అది చూస్తే ఎవరికైనా ఈసారి తేదీ మారిందనే అనిపిస్తుంది.

ముందు నెలసరి లెక్క ఏమిటో చూద్దాం. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు. వేళ్ల మీద లెక్కపెట్టాలంటే ఆ తేదీకి ఏడు రోజులు కలిపి, తొమ్మిది నెలలు ముందుకు జరపాలి. జనవరి 14కి ఏడు కలిపితే 21, జనవరి నుంచి తొమ్మిది నెలలు జరిపితే అక్టోబర్. అలా వచ్చిందే మీ కార్డులోని అక్టోబర్ 21. నేగెలే అనే జర్మన్ ప్రసూతి వైద్యుడి పేరుతో రెండు వందల ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి ఇది. ఏఎన్ఎం చేతిలో గుండ్రంగా తిప్పే అట్ట చక్రం చూసే ఉంటారు, దాని లోపల ఉన్నదీ ఇదే లెక్క. చక్రం తిప్పడంలో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ పోవడం మామూలే, అందుకే నేను క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కిస్తాను.

ఈ లెక్కలో చాలామంది గమనించనిది ఒకటుంది. నెలసరి వచ్చిన రోజుకి కడుపులో బిడ్డ లేదు. అండం విడుదలై బిడ్డ పడేది ఆ తర్వాత సుమారు రెండు వారాలకు. అంటే 'ఎనిమిది వారాల గర్భం' అన్నప్పుడు బిడ్డ వయసు నిజానికి ఆరు వారాలే. బిడ్డ పడిన రోజు ఎవరికీ కచ్చితంగా తెలియదు కాబట్టి, తెలిసిన రోజు నుంచి మొదలుపెట్టి, 28 రోజుల నెలసరి ఉన్నవాళ్లకు 14వ రోజున అండం విడుదలవుతుందని అనుకుని లెక్క కట్టారు.

మీ నెలసరి 28 రోజులది కాదు, 38 రోజులది. నెలసరికీ నెలసరికీ మధ్య దూరం పెరిగినప్పుడు సాధారణంగా పెరిగేది ముందు భాగం, అంటే అండం విడుదలయ్యేదాకా పట్టే కాలం. విడుదలయ్యాక తర్వాతి నెలసరి వచ్చేదాకా ఉండే రెండు వారాలు చాలామందిలో పెద్దగా మారవు. కాబట్టి మీకు అండం విడుదలయ్యేది 14వ రోజున కాదు, 24వ రోజు ప్రాంతంలో. బిడ్డ పది రోజులు ఆలస్యంగా పడింది, అక్టోబర్ 21కి ఆ పది రోజులు కలిపితే అక్టోబర్ 31. స్కాన్ అవసరం లేకుండానే మీ నెలసరి అలవాటే ఈ తేదీ చెబుతోంది. కార్డు రాసినప్పుడు 'ఎన్ని రోజులకోసారి వస్తుందమ్మా' అని అడిగి ఉంటే అప్పుడే బయటపడేది.

ఈ పది రోజుల సవరణ ఒక్కటే ఉంటే నేను ఇంత ధీమాగా చెప్పేదాన్ని కాదు. ఒక్కో నెల శరీరం తన అలవాటు కూడా తప్పుతుంది. అందుకే మొదటి స్కాన్ చూడాలి.

మార్చి 17న మీకు నెలసరి లెక్కన ఎన్ని రోజులు? జనవరిలో 17, ఫిబ్రవరిలో 28, మార్చిలో 17, మొత్తం 62 రోజులు. అంటే 8 వారాల 6 రోజులు. స్కాన్ చెప్పింది 7 వారాల 3 రోజులు, అంటే 52 రోజులు. సరిగ్గా పది రోజులు తక్కువ. మీ నెలసరి అలవాటు చెప్పిందీ, స్కాన్ చెప్పిందీ ఒక్కచోటే కలిశాయి. వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు లెక్కలు కలిసినప్పుడు ఇక అనుమానం పెట్టుకోనక్కర్లేదు.

ఆ స్కాన్‌లో సీఆర్‌ఎల్ అని రాసినది పిండం తల పైనుంచి పిరుదుల అంచు దాకా ఉన్న పొడవు. కాళ్లు లెక్కలోకి రావు. స్క్రీన్ మీద పిండం నిలువుగా, పక్కకి తిరిగినట్టు కనపడేలా ప్రోబ్ సర్దుకుని, ఆ చివర ఒక గుర్తు, ఈ చివర ఒక గుర్తు పెట్టి కొలుస్తారు. జాగ్రత్తగా చేసేవాళ్లు మూడుసార్లు కొలిచి సగటు తీసుకుంటారు. పిండం ముడుచుకుని ఉన్నప్పుడు కొలిస్తే పొట్టిగా వస్తుంది. పక్కనే గుండ్రంగా ఉండే యోక్ శాక్‌ని కలిపి కొలిస్తే పొడుగ్గా వస్తుంది. ఈ రెండు తప్పులూ చేయకపోతే దీనంత నమ్మకమైన కొలత గర్భం మొత్తంలో మరొకటి లేదు.

ఎందుకంటే మొదటి మూడు నెలల్లో పిల్లలందరూ దాదాపు ఒకే వేగంతో పెరుగుతారు. తల్లి పొడుగైనా పొట్టైనా, తండ్రి ఎవరైనా, ఎనిమిది వారాల పిండం ఎనిమిది వారాల పిండంలానే ఉంటుంది. ఆ రోజుల్లో పొడవు రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే కొలతలో ఒక మిల్లీమీటరు తప్పు పోయినా లెక్కలో తప్పేది ఒక్క రోజు. అదే ఎనిమిదో నెలలో తల వెడల్పు వారమంతా కలిపినా రెండు మిల్లీమీటర్లు పెరగడం కష్టం. అక్కడ రెండు మిల్లీమీటర్లు పొరపాటు పడితే లెక్క వారం జరిగిపోతుంది. పైగా అప్పటికి ఏ బిడ్డ పోలిక ఆ బిడ్డది. పెద్ద తల, సన్న నడుము, పొడుగు కాళ్లు, తల్లికి షుగర్, మాయ సరిగా పనిచేయకపోవడం, అన్నీ ఆ కొలతల్లోకి వచ్చి చేరతాయి. అందుకే మొదటి మూడు నెలల స్కాన్ తేదీ వారం లోపు తేడాతో నిలబడుతుంది, ఎనిమిదో నెల స్కాన్ తేదీ మూడు వారాలు అటూ ఇటూ పోతుంది.

మరి నెలసరి లెక్కకీ స్కాన్‌కీ ఎంత తేడా వస్తే తేదీ మార్చాలి? అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం ఏకాగ్ 2017లో దీనికి హద్దులు పెట్టింది, మాలో చాలామందిమి వాటినే చూస్తాం. నెలసరి లెక్కన 8 వారాల 6 రోజుల దాకా అయితే తేడా 5 రోజులు దాటితే స్కాన్ తేదీ తీసుకోవాలి. అక్కడి నుంచి 16 వారాలు నిండే లోపు 7 రోజులు దాటితే. తర్వాత 22 వారాలు నిండే లోపు 10 రోజులు, 28 నిండే లోపు 14 రోజులు, ఆ పైన 21 రోజులు దాటితే. హద్దు దాటకపోతే నెలసరి తేదీనే ఉంచాలి, స్కాన్ రెండు మూడు రోజులు తేడా చూపిందని మార్చకూడదు. నెలలు పెరిగేకొద్దీ హద్దు పెరుగుతోంది చూశారా, స్కాన్ మీద నమ్మకం తగ్గుతోందని దానర్థం.

మీకు మార్చి 17న హద్దు 5 రోజులు, తేడా 10 రోజులు. కాబట్టి తేదీ మార్చాలి, మార్చాం. ఆ రోజుకి 52 రోజులు గడిచాయంటే ఇంకా 228 రోజులున్నాయి. మార్చి 17 నుంచి 228 రోజులు లెక్కపెడితే అక్టోబర్ 31.

ఇక ఇక్కడితో తేదీ పని అయిపోయింది. ఒకసారి తేదీ ఖాయం చేశాక తర్వాత ఎన్ని స్కాన్లు తీసినా దాన్ని కదపకూడదు. నేనైతే ఆ రోజే కార్డు పైన ఎర్ర పెన్నుతో 'ఖాయం చేసిన తేదీ' అని రాసి, కింద గీత గీసి, పాత తేదీ కొట్టేస్తాను. కొట్టేయకపోతే ఏమవుతుందో మీ ఇంట్లోనే జరుగుతోంది. అక్టోబర్ 21 కార్డులో అలాగే ఉండిపోయింది కాబట్టే అత్తయ్యగారు దాని మీద ముహూర్తం పెట్టించారు.

ఆ ముహూర్తం సంగతి ఇప్పుడు చూద్దాం. అక్టోబర్ 2 నాటికి నెలసరి లెక్కన 261 రోజులు, 37 వారాల 2 రోజులు. అత్తయ్యగారు చెప్పింది లెక్క ప్రకారం కరెక్టే. కానీ అసలు తేదీ అక్టోబర్ 31 కాబట్టి, అక్టోబర్ 2కి ఇంకా 29 రోజులు మిగిలుంటాయి. 280లోంచి 29 తీసేస్తే 251. అంటే 35 వారాల 6 రోజులు. 37 నిండకముందు పుట్టే బిడ్డ నెలలు నిండని బిడ్డే. చూడటానికి బొద్దుగానే ఉండొచ్చు, కానీ ఊపిరి ఎగపోయడం, ఒళ్లు చల్లబడిపోవడం, పాలు పీల్చలేక పడుకుండిపోవడం, కామెర్లు, ఇవన్నీ ఆ వారాల్లో ఎక్కువ. ఆపరేషన్ థియేటర్ నుంచి బిడ్డ మీ ఒళ్లోకి రాకుండా పసిపిల్లల ప్రత్యేక వార్డు ఎస్‌ఎన్‌సీయూకి పోతుంది. కడుపులో బిడ్డకి ఏ ఇబ్బందీ లేనప్పుడు మనంతట మనం తేదీ పెట్టుకునే సిజేరియన్‌ని 39 వారాలు నిండాకే చేస్తాం. మీకు అది అక్టోబర్ 24.

'నెలసరి తేదీ నాకు పక్కాగా గుర్తుంది' అని చాలామంది వాదిస్తారు. గుర్తుండటం వేరు, ఆ తేదీ నుంచి లెక్క సరిపోవడం వేరు. మీకు తేదీ పండగ వల్ల గుర్తుంది, అయినా లెక్క తప్పింది. ఇంకొందరికి తేదీయే తప్పు పడుతుంది. 'ఎప్పుడయ్యావమ్మా' అని అడిగితే నెల తప్పిన తేదీ చెబుతారు, అంటే రావాల్సి ఉండి రాని రోజు. దాంతో లెక్క నాలుగు వారాలు వెనక్కి పోతుంది. కొందరు స్నానం చేసిన రోజు చెబుతారు. పాలిచ్చే తల్లులు మధ్యలో నెలసరి రాకుండానే మళ్లీ నీళ్లోసుకుంటారు, వాళ్లకి లెక్క మొదలుపెట్టడానికి తేదీయే ఉండదు. నెల తప్పాక కొంచెం ఎర్రగా కనిపిస్తే అదే నెలసరి అనుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి స్కాన్‌లో బిడ్డ నెలసరి లెక్క కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఇక ఇంట్లో పెద్దవాళ్ల నెలల లెక్క ఒకటి. 'ఏడో నెల' అంటే ఏడు నిండాయా, ఏడోది నడుస్తోందా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. అందుకే మేం నెలలు అనకుండా వారాలు, రోజులు అంటాం.

ఈ విషయంలో నేనొక తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో. కనిగిరి వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది, మూడో కాన్పు. 'ఉగాది వెళ్లిన వారానికి ముట్టయ్యాను' అని గట్టిగా చెప్పింది. ఆ లెక్కన 36 వారాలప్పుడు మొదటిసారి నా దగ్గర స్కాన్ తీయిస్తే మూడు వారాలు తక్కువ చూపించింది. తేడా 21 రోజులు, హద్దు దాటలేదు. బిడ్డ చిన్నది అనుకున్నాను, తేదీ తప్పు అనుకోలేదు. 41 వారాలు దాటాయని నొప్పులు రప్పించాం. పుట్టిన బిడ్డని గుడ్డలో తీసుకోగానే నాకు గుండె జారింది. ఒంటి నిండా వెన్నలాంటి తెల్లటి పూత, భుజాల మీద నూగు, చెవి మడిస్తే మడిచినట్టే మెల్లగా విచ్చుకుంటోంది, అరికాలి గీతలు ముందు భాగంలోనే ఉన్నాయి. 41 వారాలు దాటిన బిడ్డ ఇలా ఉండదు, చర్మం ఎండి పొట్టు లేస్తూ, అరికాలంతా గీతలతో ఉంటుంది. ఊపిరి తీసుకుంటున్నప్పుడు మూలుగు మొదలైంది. ఒంగోలు పంపించాం. ఎనిమిది రోజులకు కోలుకుంది.

ఆ ఎనిమిది రోజుల్లో ఒకనాడు ఆమె తల్లి ఒక ప్లాస్టిక్ కవర్ పట్టుకొచ్చింది. పుట్టింట్లో బీరువాలో చీరల కింద ఉండిపోయిందట. అందులో రెండో నెలలో తీసిన స్కాన్ చీటీ. దాని ప్రకారం లెక్క వేస్తే బిడ్డ పుట్టింది 36 వారాల 3 రోజులకి. తర్వాత నిదానంగా అడిగితే తెలిసింది, ఉగాది తర్వాత నెలలో కూడా ఆమెకి రెండు రోజులు కనిపించింది, కానీ వేడి చేసిందనుకుని లెక్కలో వేసుకోలేదు. అసలు నెలసరి అదే. 'ఇంతకుముందు ఎక్కడైనా స్కాన్ తీయించావా' అని ఒక్క మాట నేను అడగలేదు. అప్పట్నుంచి మొదటి స్కాన్ చీటీ చూడకుండా ఎవరికీ తేదీ చెప్పను. పుట్టింట్లో ఉందంటే ఫోన్ చేయించి ఫొటో పంపించమంటాను.

మొదటి స్కాన్ అసలు లేనివాళ్ల సంగతి అందుకే కష్టం. 22 వారాల లోపు ఒక్క స్కాన్ కూడా లేకపోతే ఆ తేదీని పూర్తిగా నమ్మలేం. చివర్లో తీసిన ఒక్క స్కాన్‌ని చూసి, ఇది నెలలు తక్కువైన బిడ్డా, నెలలు నిండినా ఎదగని బిడ్డా అని చెప్పలేం, రెండూ స్క్రీన్ మీద ఒకలాగే కనిపిస్తాయి. అప్పుడు రెండు మూడు వారాలాగి మళ్లీ కొలుస్తాం. వయసు తక్కువైన ఆరోగ్యమైన బిడ్డ ఆ మధ్యలో మామూలుగా పెరుగుతుంది, ఎదుగుదల ఆగిన బిడ్డ పెరగదు. నేను ఆ కనిగిరి ఆమెకి చేయాల్సింది కూడా ఇదే.

ఇప్పుడు మీ సెప్టెంబర్ 2 స్కాన్ దగ్గరికొద్దాం. ఈ జవాబులో మీకు అన్నిటికంటే ముఖ్యం ఈ భాగమే.

ఖాయం చేసిన తేదీ ప్రకారం ఆ రోజుకి మీకు 31 వారాల 4 రోజులు. మెషీన్ 30 వారాల 2 రోజులంది, అందుకే నవంబర్ 9 అని అచ్చు వేసింది. రిపోర్టులో ఏయూఏ అని కనిపించేది అదే. తల, పొట్ట, తొడ ఎముక కొలతలు తీసుకుని, సగటున ఇంత ఉండే బిడ్డ వయసు ఇంత అని చెబుతుంది. మీ బిడ్డ కడుపులో పడిన రోజు మెషీన్‌కి తెలియదు. పదో తరగతి చదివే పిల్లాడి ఎత్తు చూసి 'వీడు ఎనిమిదో తరగతి అయ్యుంటాడు' అన్నట్టు. పొట్టిగా ఉన్నాడని వాడి పుట్టిన తేదీ మార్చేస్తామా?

ఒక్క స్కాన్‌లో తొమ్మిది రోజుల తేడా ఈ నెలలో పెద్ద విషయం కాదు. కానీ మీ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడండి. జూన్ 10న అసలు వయసు 19 వారాల 4 రోజులు, కొలతలు 20 వారాలు చూపాయి. అంటే బిడ్డ మూడు రోజులు ముందుంది. సెప్టెంబర్ 2కి తొమ్మిది రోజులు వెనకబడింది. ఈ రెండు స్కాన్ల మధ్య గడిచింది 84 రోజులు, కొలతల్లో కనిపించిన పెరుగుదల 72 రోజులది. రెండు చోట్లా కొలతలో చిన్న పొరపాట్లు కలిసి ఇలా కనిపించి ఉండొచ్చు. లేదా ఎదుగుదల నిజంగానే కాస్త నెమ్మదించి ఉండొచ్చు. ఈ రెండింట్లో ఏదన్నది ఇంకో స్కాన్‌తోనే తేలుతుంది.

బరువు 1.6 కిలోలు అన్నారు. ఈ ఒక్క అంకెకి తేదీని బట్టి అర్థం ఎలా మారిపోతుందో చూడండి. కార్డులోని పాత తేదీ నమ్మితే ఆ రోజుకి 33 వారాలు. మేం వాడే హ్యాడ్‌లాక్ పట్టికలో 33 వారాలకి వందమందిలో కింది పదిమంది దగ్గర గీత సుమారు 1.8 కిలోల మీద ఉంటుంది. 1.6 అంటే దాని కిందికి పోయింది, డాక్టర్ కంగారు పడతారు. నవంబర్ 9 నమ్మితే 30 వారాల 2 రోజులు, దానికి 1.6 దాదాపు సగటు బరువు, ఎవరూ పట్టించుకోరు. అసలు తేదీ ప్రకారం 31 వారాల 4 రోజులకి సగటు 1.85 దగ్గర, కింది గీత 1.55 దగ్గర. మీ బిడ్డ గీతకి కాస్త పైన ఉంది. కంగారు పడాల్సినంత లేదు, వదిలేయాల్సినదీ కాదు. స్కాన్‌లో బరువు అంచనాకి పది పదిహేను శాతం తేడా ఎలాగూ ఉంటుంది, అది కూడా మనసులో పెట్టుకోవాలి.

చివరి స్కాన్‌ని బట్టి తేదీ మార్చకూడదని మేం పట్టుబట్టేది ఇందుకే. ప్రతిసారీ బిడ్డ కొలతకి తగ్గట్టు తేదీ వెనక్కి జరుపుకుంటూ పోతే ఏ బిడ్డా ఎప్పుడూ చిన్నగా కనిపించదు. మాయ దెబ్బతిని ఎదుగుదల ఆగిపోతున్నా రిపోర్టులో 'వయసుకి తగిన పెరుగుదల' అనే వస్తుంది.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది, సెప్టెంబర్ 16కీ 23కీ మధ్య గ్రోత్ స్కాన్ మళ్లీ తీయించండి. వీలైతే పాత చోటే, పాత డాక్టరుతోనే. తేడా కొలిచే చేతిలోంచి రాకుండా ఉంటుంది. డాప్లర్ కూడా చేయమనండి, బొడ్డుతాడు రక్తప్రవాహం చూస్తారు. స్కాన్ గదిలోకి వెళ్లగానే మార్చి 17 రిపోర్టు చేతికిచ్చి 'నా తేదీ అక్టోబర్ 31, దాని ప్రకారం చూడండి' అని చెప్పండి. చెప్పకపోతే చాలాచోట్ల 'చివరి నెలసరి ఎప్పుడు' అని అడిగి జనవరి 14 ఎక్కించేస్తారు, అప్పుడు పోలికంతా పది రోజులు తప్పుతుంది. రిపోర్టు రాగానే పొట్ట చుట్టుకొలత చూడమని మీ డాక్టర్‌ని అడగండి. ఎదుగుదల తగ్గితే మొదట బయటపడేది సాధారణంగా అక్కడే, తల తర్వాత.

ఆ స్కాన్‌లో ఎదుగుదల నిజంగా తగ్గుతోందని తేలినా, డాప్లర్ తేడాగా ఉన్నా, కాన్పు 39 వారాలకంటే ముందే చేయాల్సి రావచ్చు. అది బిడ్డ పరిస్థితి చూసి మీ డాక్టర్ నిర్ణయిస్తారు, అప్పుడు ఇక్కడ నేను రాసిన తేదీ పట్టుకుని వాయిదా వేయకండి. 34 వారాల లోపు చేయాల్సి వస్తే ఊపిరితిత్తుల కోసం ముందుగా ఇంజెక్షన్లు ఇస్తారు, మీకు 34 నిండేది సెప్టెంబర్ 19న. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, రక్తం కనిపించినా, నీరు పోయినా, పాత కుట్టు దగ్గర నొప్పి వచ్చినా, అది ఏ తేదీ అయినా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మొదటిది సిజేరియన్ కదా, నొప్పులు మొదలైతే ముహూర్తం కోసం ఇంట్లో కూర్చోకూడదు.

అక్టోబర్ 31నే కాన్పు అవుతుందని కూడా అనుకోవద్దు. చెప్పిన తేదీనే కనేవాళ్లు ఇరవైమందిలో ఒకరు ఉంటే గొప్ప. మిగతా నిర్ణయాలన్నిటికీ కొలత వేసుకునే గీటురాయి అది, అంతే.

అత్తయ్యగారికి ఒక మాట. ముహూర్తం వద్దని నేననను, మా దగ్గర ఎంతోమంది పెట్టించుకుంటారు, మేమూ వీలైనంత సర్దుకుంటాం. దసరా బదులు దీపావళి వెళ్లాక పెట్టించండి. గ్రోత్ స్కాన్ బాగుంటే అక్టోబర్ 24 శుక్రవారం నుంచి ఆ వారంలో ఏ రోజైనా మాకు అభ్యంతరం లేదు. 22న కార్తీకం మొదలవుతుంది, 25 నాగులచవితి. పంతులుగారి దగ్గరికి వెళ్లేటప్పుడు పంచాంగంతోపాటు మార్చి స్కాన్ చీటీ కూడా తీసుకెళ్లండి, ఏ రోజుల మధ్య చూడాలో ఆయనకీ తెలుస్తుంది.